‘నీ హావ్’ అని రాసుకున్నాక

మా చిన్నాన్న కూతురు 2015లో ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్లింది. పలాస స్టేషన్లో రైలెక్కేటప్పుడు దాని చేతిసంచీలో రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉంది. మొదటి పేజీ మొదటి వరసలో, అక్కడికి వెళ్లకముందే ఎవరినో అడిగి రాసుకున్న మాట: నీ హావ్. దాని పక్కన ‘నమస్కారం’. 2020 జనవరిలో సెలవులకి ఇంటికొచ్చి, కరోనా వల్ల తిరిగి వెళ్లలేక ఉండిపోయినప్పుడు ఆ నోటుబుక్కు నా చేతికొచ్చింది. అప్పటికి అది నిండిపోయింది. చైనీసు మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. ఒక భాష ధ్వనిని ఇంకో భాష లిపిలో పెట్టడం గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ నోటుబుక్కే నాకు ఎక్కువ నేర్పింది. అందుకే ఒక పుస్తకాన్ని సమీక్షించినట్టే దాన్ని సమీక్షిస్తున్నాను.

మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగాలి. ‘నీ’ అన్నది చాలా సుఖంగా కుదిరిన అక్షరం. చైనీసులో ఆ మాటకి అర్థం ‘నువ్వు’. మనకీ ‘నీ’ అంటే నువ్వుకి సంబంధించినదే. ఇది వట్టి కాకతాళీయం, రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేదు. కానీ నేర్చుకునేవాళ్లకి ఇలాంటి కాకతాళీయాలే పట్టుకొమ్మలు. రెండో మాటకి అర్థం ‘బాగు’. నువ్వు బాగు, అంతే పలకరింపు. పెద్దవాళ్లనైతే ‘నీ’ బదులు ‘నిన్’ అంటారు, అది మన ‘మీరు’ లాంటిది.

ఆ రెండో మాట దగ్గరే తెలుగువాళ్ల రాత నాలుగు దారులుగా చీలిపోతుంది. హావో, హావ్, హవ్, హౌ. నేను చూసినవాటిలో ఎక్కువగా కనిపించేది ‘హావో’. అది ఎక్కడినుంచి వచ్చిందో మా జిల్లావాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ప్రాసతో ఉన్న చైనా పేరొకటి అరవైల చివర్లో, కొండల్లో పోరాటం నడిచిన రోజుల నుంచీ, శ్రీకాకుళంలో అందరి చెవినా పడింది: మావో. రోమన్ లిపిలో ఎమ్, ఏ, ఓ అని ఉంటుంది కాబట్టి మనం అక్షరానికి అక్షరం దించుకుని ‘మావో’ అన్నాం. చైనీయులు పలికేది అది కాదు. వాళ్ల నోట అది ఒక్క అక్షరమంత మాట, ఒక్క ఊపిరి. ‘మా’ వేరు, ‘వో’ వేరు అన్నట్టు రెండు అడుగులు పడవు. మావైపు దూరంగా పోతున్న మేనమామని కేకేసి పిలిచినా ‘మావో!’ అనే అంటాం. అది నిజంగానే రెండు అక్షరాలు, రెండోది గాలిలో ఎంతసేపైనా సాగుతుంది. చైనా నాయకుడి పేరు తెలుగులో ఆ పిలుపులాగే తయారైంది.

కాబట్టి ‘హావో’ చెవితో విని రాసింది కాదు, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాసింది. మా చెల్లి రాసిన ‘హావ్’ నయం, ఎందుకంటే చివరి ‘ఓ’ని మింగి మాటని ఒక్క అడుగు చేసింది. అన్నిటికంటే దగ్గరిది ‘హౌ’ అని నా అభిప్రాయం. మా రైల్వే లైను మీద ఉన్నవాళ్లందరికీ ఆ అక్షరం బాగా తెలుసు, హౌరా వెళ్లే బండి బోర్డు మీద మొదటి అక్షరం అదే. ఇక చైనీసు ‘హ’ మన ‘హ’ కంటే కొంచెం గరుకు, గొంతు వెనకనుంచి ఒరుసుకుంటూ వస్తుంది. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు ‘ఖాన్’ అన్నప్పటి మొదటి ధ్వనికి దగ్గర. మామూలు ‘హ’ అన్నా ఎవరూ తప్పు పట్టరు.

ఇక్కడిదాకా తెలుగు లిపి గట్టిగానే నిలబడింది. ‘ని హౌ’ అని రాసుకుంటే అచ్చులూ హల్లులూ దాదాపు దిగాయి. మరి దిగనిదేమిటి?

చైనీసులో ప్రతి అక్షరానికీ ఒక స్వరగతి ఉంటుంది. బీజింగ్ ఉచ్చారణ ఆధారంగా ఉన్న ప్రామాణిక భాషలో ఇవి నాలుగు. మొదటిది పై స్థాయిలో సమంగా సాగుతుంది. రెండోది కిందనుంచి పైకి లేస్తుంది. మూడోది అడుగుకి దిగి, మాట అక్కడ ఆగితే కాస్త లేస్తుంది. నాలుగోది పైనుంచి కిందకి తెగిపడుతుంది. చైనీసు భాషా శాస్త్రవేత్త, సంగీతకర్త కూడా అయిన యువెన్ రెన్ చావ్ 1930లో వీటిని అంకెల్లో చూపే పద్ధతి ఒకటి ఇచ్చాడు. మనిషి గొంతు మామూలుగా తిరిగే మేరని అయిదు మెట్లు అనుకోవాలి, అడుగుది 1, పైది 5. అప్పుడు మొదటి స్వరం 55, రెండోది 35, మూడోది 214, నాలుగోది 51 అవుతాయి.

పలకరింపులో రెండు మాటలూ మూడో స్వరానివే. రోమన్ లిపిలో nǐ hǎo అని రెండిటి మీదా ఒకే గుర్తు పెడతారు. కానీ అలా పలకరు. రెండు మూడో స్వరాలు పక్కపక్కన పడితే మొదటిది రెండో స్వరంగా మారిపోతుంది. అంటే ‘ని’ పైకి లేస్తుంది, ‘హౌ’ అడుగుకి దిగుతుంది. మాట్లాడే వేగంలో చివరి చిన్న లేవడం చాలాసార్లు వినపడదు కూడా. ఇది సంధి తప్ప మరోటి కాదు. తేడా ఏమిటంటే మన సంధులు రాతలో కనపడతాయి. ‘వాడు ఎక్కడ’ అన్నది ‘వాడెక్కడ’ అయితే అలాగే రాస్తాం. చైనా ప్రభుత్వం 1958లో ఆమోదించిన పిన్‌యిన్ అనే రోమన్ రాత ఈ సంధిని దాచేస్తుంది. చదివేవాడికి సూత్రం తెలుసని నమ్మి వదిలేస్తుంది. అంటే వాళ్ల సొంత రోమన్ రాత కూడా పలికినదంతా రాయడం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మా చెల్లి నోటుబుక్కులో స్వరాలకి ఏ గుర్తూ లేదు. మరి మొదటి ఏడాదంతా అది ‘నీ హావ్’ అంటూనే బతికింది కదా, ఎవరికీ అర్థం కాకపోలేదే అని అడిగాను. ‘‘అదేటన్నియ్యా, నవ్వుతూ చెయ్యూపితే ఏటన్నా నీ హావే’’ అంది. ఈ మాటలో చాలా ఉంది. పలకరింపు పద్ధతిని పరీక్షించడానికి అన్నిటికంటే చెడ్డ మాట. ఎదురుపడగానే అనే మొదటి మాట ఏమై ఉంటుందో అవతలివాడికి ముందే తెలుసు. మొహం, చెయ్యి, తలుపు దగ్గర నిలబడిన తీరు, ఇవన్నీ కలిసి ఆ మాటని చెప్పేస్తాయి. స్వరం తప్పినా నెగ్గుకొస్తాం. నెగ్గాం కాబట్టి పద్ధతి సరైనదనుకుని తర్వాతి రెండొందల పేజీలూ అలాగే నింపేస్తాం.

ఆ పేజీల్లో ఒకచోట ‘మాయ్ – కొను’ అని ఉంది. రెండు పేజీల తర్వాత ‘మాయ్ – అమ్ము’ అని ఉంది. ఒకటి మూడో స్వరం, ఇంకోటి నాలుగో స్వరం. పళ్లకొట్టుకి వెళ్లి ‘నేను ఆపిల్స్ అమ్ముతాను’ అని చెప్పి సంచీ చాపిన రోజులున్నాయట. అక్కడా సంచీ ఆదుకుంది. కొట్టువాడు నవ్వి తూచి ఇచ్చాడు.

అసలు దెబ్బ నాలుగో ఏడాది తగిలింది, ఆసుపత్రిలో. పాఠాలు ఇంగ్లీషులో జరిగినా రోగులతో మాట్లాడాల్సింది చైనీసులోనే. రక్తపోటుతో వచ్చిన ఒక పెద్దాయన చరిత్ర రాసుకోమన్నారు. మాది ఉద్దానం ప్రాంతం. మా ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో, ‘ఉప్పు తగ్గించండి’ అన్న మాట ఎన్ని ఇళ్లలో వినపడుతుందో పాఠకులకి తెలిసే ఉంటుంది. దానికి ముందుగా అడగాలనిపించింది కూడా అదే. ఉప్పుకి మాట నోటుబుక్కులో ఉంది: యెన్. ‘త్వో’ అంటే ఎక్కువ. ‘మా’ అన్నది ప్రశ్నార్థకం, మన ‘ఆ’ లాగా, మావైపు ‘ఏటి’ లాగా చివర్లో తగిలిస్తారు. ‘యెన్ త్వో మా?’ ఉప్పు ఎక్కువా?

పెద్దాయన తల అడ్డంగా ఊపి, మానేసి పదేళ్లయిందన్నాడు. చెల్లి కాగితం మీద ‘పదేళ్లుగా ఉప్పు తినడం లేదు’ అని రాసింది. అది చూసిన సీనియర్ డాక్టరు పెద్దాయన్ని మళ్లీ అడిగాడు. ఆయన మానేసింది సిగరెట్లు. ఉప్పు మామూలుగానే, ఇంకాస్త ఎక్కువగానే తింటున్నాడు.

ఉప్పుకి చైనీసు మాట ‘యెన్’, రెండో స్వరం, 35. పొగకి, పొగాకుకి కూడా ‘యెన్’, మొదటి స్వరం, 55. నోటుబుక్కులో రెండూ ఒకటే. కొను, అమ్ము లాంటి జంటలో సంచీ ఆదుకుంటుంది. కానీ రక్తపోటు రోగిని డాక్టరు ఉప్పు గురించీ అడుగుతాడు, సిగరెట్ల గురించీ అడుగుతాడు. సందర్భం రెండిటినీ సమానంగా మోస్తోంది. అలాంటిచోట స్వరం ఒక్కటే తేడా. నిజానికి ‘తినడం’ అన్న క్రియ వాడి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు, ఎందుకంటే ఉప్పు తింటారు, పొగ పీలుస్తారు, వాటికి క్రియలు వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు వదిలేసేది ఆ క్రియల్నే.

ఇంతకీ అది ఏ స్వరమూ లేకుండా అన్నప్పుడు ఆయనకి ‘పొగ’ అని ఎందుకు వినపడింది? స్వరం లేకుండా ఏ మాటా అనలేం, ఇదే అసలు కీలకం. తెలుగులో మనకీ గొంతు లేస్తుంది, దిగుతుంది. కాకపోతే అది మాటది కాదు, మొత్తం వాక్యానిది. ‘వచ్చాడు’ అని దించితే వార్త, ‘వచ్చాడు?’ అని చివర లేపితే ప్రశ్న. ‘వచ్చాడు’ అన్న మాటకి అర్థం మారదు. మా చెల్లి ప్రశ్న వేస్తున్నాననుకుని, తెలుగు అలవాటు ప్రకారం మొదటినుంచీ గొంతు సమంగా పట్టి ‘మా’ దగ్గర లేపింది. సమంగా పట్టిన ‘యెన్’ పెద్దాయన చెవికి 55గానే వినపడింది. తెలుగు అక్షరాలు స్వరాన్ని ఖాళీగా వదిలేశాయి. ఆ ఖాళీలోకి తెలుగు వాక్యపు రాగం వచ్చి కూర్చుంది. లిపి వల్ల పోయేది స్వరం మాత్రమే అయితే నష్టం తక్కువ. దాని స్థానంలో మనది వచ్చి చేరుతుంది, చేరినట్టు మనకి తెలియదు.

ఇది కథ విని ఊరుకోలేక ఇద్దరం చిన్న పరీక్ష పెట్టుకున్నాం. నోటుబుక్కు నేను చదువుతాను, అది విని అర్థం చెప్పాలి. ‘నీ హావ్’ అన్నాను, నవ్వింది. ‘మాయ్’ అన్నాను, ‘‘ఏ మాయ్?’’ అంది. ‘యెన్’ అన్నాను, ‘‘ఏ యెన్?’’ అంది. తర్వాత నోటుబుక్కు దాని చేతికిచ్చాను. అది అవే అక్షరాలు చూసి, ఉప్పుని ఉప్పులా, పొగని పొగలా తేడాగా పలికింది. కాగితం మీద ఒక్క గుర్తూ లేదు. మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది? నాలుగున్నరేళ్లుగా విన్న చెవిలోంచి. ఆ అక్షరాలు దానికి జ్ఞాపకం. నాకు అవే అక్షరాలు సమాచారం. జ్ఞాపకంగా పనికొచ్చిన రాత సమాచారంగా పనికిరాలేదు.

ఈ తేడాని మా ప్రాంతంలోనే ఒకాయన వందేళ్ల కిందట ఎదుర్కొన్నాడు. గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయన మనకి తెలుసు. సవరల భాష నేర్చుకుని దానికి తెలుగు లిపిలో పుస్తకాలు తయారుచేసిన గిడుగు అంతగా తెలియదు. సవర భాషలో గొంతు లోపల ఊపిరిని టక్కున బిగించి ఆపే ధ్వని ఒకటుంది. దానికి తెలుగులో అక్షరమే లేదు. 1931లో మద్రాసులో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథం పేరు చూడండి: A Manual of the So:ra: (or Savara) Language. పేరులోనే దీర్ఘానికి గుర్తుగా రెండు చుక్కలున్నాయి, ధ్వనిలిపిలో పెట్టినట్టు. సవర తెలియనివాడికి సవర ధ్వని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన తెలుగు అక్షరాలతో సరిపెట్టుకోలేదు.

నేను అర్థం చేసుకున్నది ఇది. సవర పిల్లవాడికి తెలుగు లిపి చాలు, బిగింపు ఎక్కడుందో వాడి గొంతుకి తెలుసు. బయటివాడికి చాలదు. గిడుగు ఇద్దరు పాఠకులకి రెండు రాతలు వాడారు. 1936లో సవరల్లోంచే మంగేయి గొమాంగో తమ భాషకి సొంత లిపి తయారుచేశారు. అది గుర్తింపు కోసం పడిన అడుగు, వేరే కథ.

మన సాహిత్యంలోనూ ఇదే జరుగుతోందని నాకు అనుమానం. కారా మాస్టారి కథల్లోనో రావిశాస్త్రి కథల్లోనో ‘ఏటి’ అన్న మాట చదివినప్పుడు నాకు అందులో మా అమ్మమ్మ గొంతు వినపడుతుంది. అది విసుగా, ఆశ్చర్యమా, ముద్దా అన్నది రాగంలోనే తెలిసిపోతుంది. అదే మాట హైదరాబాదు మిత్రుడు పైకి చదివితే సినిమాలో ‘శ్రీకాకుళం యాస’ అని పెట్టే పాత్రలా ఉంటుంది. అతని తప్పు కాదు. రచయిత అచ్చులూ హల్లులూ ఇచ్చాడు, రాగం ఇవ్వలేదు, ఇవ్వడానికి లిపిలో చోటు లేదు. నాకు జ్ఞాపకం ఉంది, అతనికి లేదు. ఖాళీలోకి సినిమా వచ్చి కూర్చుంది.

అయితే తెలుగులో స్వరం రాయలేమా? మొదట విజయనగరం వాడు ఎవడైనా అనేమాటే నేనూ అన్నాను: సరిగమలు ఉన్నాయి కదా. కుదరదు. సంగీతంలో ‘ప’ అంటే శ్రుతికి ఒక ఖాయమైన చోటు. చైనీసు స్వరానికి ఖాయమైన చోటు లేదు, ఎవరి గొంతుకి వారి పై మెట్టే 5. పైగా 35 అంటే మూడో మెట్టు మీద ఆగి, అయిదో మెట్టు మీద ఆగడం కాదు, జారుతూ ఎక్కడం. అది స్వరం కంటే గమకానికి దగ్గర. వేద పుస్తకాల్లో తెలుగు అక్షరాల కింద అడ్డగీత, పైన నిలువుగీత పెట్టి స్వరాలు అచ్చేస్తారు కాబట్టి, అక్షరానికి ఎత్తు చూపించడం మన అచ్చుకి కొత్తేమీ కాదు. కానీ ఆ గీతల్ని కూడా గురువు నోట విన్నవాడే చదవగలడు.

చివరికి మేం చేసిన పని చాలా మామూలుది. నోటుబుక్కు తీసుకుని ప్రతి మాట పక్కనా చావ్ అంకెలు వేసుకుంటూ పోయాం. ని 35, హౌ 21. ఉప్పు: యెన్ 35. పొగ: యెన్ 55. పలకరింపుకి మేం రాసింది సంధి జరిగాక పలికే స్వరం, నిఘంటువులో ఉండే స్వరం కాదు. అలా రాయడమే తెలుగు చదువరి అలవాటుకి దగ్గర. వారం రోజుల తర్వాత ఆ అంకెలు చూసి నేను చదివితే ఉప్పుకీ పొగకీ తేడా చెల్లికి తెలిసింది. కానీ ఆ వారమంతా అది పక్కన కూర్చుని పలికి వినిపించింది, నేను తప్పినప్పుడల్లా దిద్దింది. అంకెలు చూసి నేర్చుకున్నానని చెప్తే అబద్ధం. విన్నదాన్ని అంకెలు జారిపోనివ్వలేదు, అంతే.

కాబట్టి అనువాదకులకి ఒక మాట, నేర్చుకునేవాళ్లకి ఒక మాట. కథలో చైనీసు పేరు రాసేటప్పుడు స్వరం అక్కర్లేదు. పాఠకుడు ఆ మనిషిని పేజీ మీద గుర్తుపడితే చాలు. ఇంగ్లీషు స్పెల్లింగుని అక్షరానికి అక్షరం దించకుండా, ఎవరినైనా అడిగి విని, ఒక పేరుని పుస్తకమంతా ఒకేలా రాస్తే మర్యాద. ‘మావో’ని ఇప్పుడు మార్చలేం, అది తెలుగు మాటే అయిపోయింది. కానీ మాట్లాడటం కోసం రాసుకునే తెలుగు అక్షరాలు, ముప్ఫై రోజుల్లో చైనీసు అని అమ్మే పుస్తకాల్లోవైనా సరే, విన్నవాడికే పనికొస్తాయి. వినకముందు చదివితే అవి తెలుగే.

చెల్లి ఇప్పుడు మావైపే ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఉప్పు గురించి అడగాల్సింది ఇప్పుడు తెలుగులోనే. మొన్న ఫోన్లో చెప్పింది: సోంపేట నుంచి వచ్చిన ముసలావిడని ‘‘ఉప్పు తగ్గించావేటమ్మా?’’ అంటే, ‘‘తగ్గించానే’’ అందట. కాగితం మీద రాస్తే అది అవును. ఆ ‘నే’ని ఆవిడ సాగదీసిన తీరు వింటే కాదు. చెల్లి కాదనే రాసుకుంది.